లిమిట్ పాఠాన్ని పట్టికతో మొదలుపెట్టనివ్వండి: సిలబస్ కమిటీకి ఒక బహిరంగ లేఖ

మన యూనివర్సిటీ మ్యాథ్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకూ, ఫస్టియర్ క్యాలిక్యులస్ చెప్పే తోటి లెక్చరర్లకూ నమస్కారం.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. పేరు, కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఈ మధ్య మా దగ్గరికి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒక పెద్దాయన నా టీచింగ్ డైరీ తిరగేసి, లిమిట్స్ దగ్గర ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి వెళ్ళారు. "నిర్వచనం చెప్పకుండా రెండు పీరియడ్లు వృథా" అని. ఆయన మీద నాకు కోపం లేదు, లెసన్ ప్లాన్‌లో లిమిట్‌కి ఇచ్చింది ఒకే పీరియడ్, అందులో మొదటి అంశం ఎప్సిలాన్-డెల్టా నిర్వచనం, ఆయన దాన్నే చూశారు. కానీ ఆ రెండు పీరియడ్లలో ఏం జరిగిందో ఆ డైరీలో పట్టదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నిర్వచనంతోనే మొదలుపెట్టేవాణ్ణి. బోర్డు మీద రాసేవాణ్ణి: ఏ ε > 0 ఇచ్చినా ఒక δ > 0 దొరకాలి, 0 < |x − a| < δ అయినప్పుడల్లా |f(x) − L| < ε కావాలి. వెంటనే ఉదాహరణగా, x అనేది 3 వైపు వెళ్తుంటే x² యొక్క లిమిట్ 9 అని రుజువు చేసేవాణ్ణి. ఆ రుజువు మీకందరికీ కంఠతా వచ్చిందే, δ గా 1, ε/7 ఈ రెండింట్లో చిన్నది తీసుకోండి, అంతే, నాలుగు లైన్లలో అయిపోతుంది. ఒక ఏడాది, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి "సార్, ఈ 7 ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు. నేను |x + 3| < 7 అని రాసి చూపించాను. "అది కాదు సార్, మీకు 7 తీసుకోవాలని ముందే ఎట్లా తెలిసింది?" అన్నాడు. "ప్రాక్టీస్ చేస్తే నీకే తెలుస్తుంది" అని కూర్చోబెట్టాను. క్లాసంతా నవ్వింది, వాడు మళ్ళీ ఆ సెమిస్టర్‌లో నోరు తెరవలేదు. నిజం చెప్పాలంటే వాడడిగింది ఆ గంటలో అడగాల్సిన ఏకైక ప్రశ్న, నేను చెప్పింది సమాధానం కాదు.

మన దగ్గరికి వచ్చే పిల్లలకి లిమిట్ కొత్త కాదు అని మీరంటారు. నిజమే, ఇంటర్ ఫస్టియర్‌లోనే 1బి పేపర్లో అవధులు, అవిచ్ఛిన్నత చదివి వస్తారు. sin x / x అనగానే 1 అని అరుస్తారు, 0/0 కనిపిస్తే చాలు లోపితాల్ అంటారు, ఎప్‌సెట్ కోచింగ్‌లో అరనిమిషంలో జవాబు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. కానీ ఆ పిల్లల్నే "లిమిట్ 1 అంటే ఏంటి?" అని అడిగి చూడండి. "x సున్నాకి దగ్గరవుతూ ఉంటే విలువ 1కి దగ్గరవుతూ ఉంటుంది, కానీ ఎప్పటికీ చేరదు" అంటారు. "దగ్గర అంటే ఎంత దగ్గర?" అంటే "చాలా" అంటారు. అక్కడ ఆగిపోతుంది. ఇంకో సంగతి, ఇంటర్ పరీక్షలోనూ ఎప్‌సెట్‌లోనూ క్యాలిక్యులేటర్ రానివ్వరు కాబట్టి వాళ్ళు ఒక్కసారి కూడా 0.1 పెట్టి, 0.01 పెట్టి ఏమొస్తుందో చూసుకుని ఉండరు. లిమిట్ వాళ్ళకి ఒక సూత్రం, ఒక సంఖ్య కాదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. మొదటి పీరియడ్‌లో ఎప్సిలాన్ అనే మాటే ఉండదు. x² నే తీసుకుంటాను, 3 దగ్గర. క్లాసుని రెండుగా చేసి, ఎడమ వైపు వాళ్ళని 3 కన్నా తక్కువ విలువలు, కుడి వైపు వాళ్ళని ఎక్కువ విలువలు వర్గం చేయమంటాను. రెండు నిమిషాల్లో బోర్డు మీద ఇది వస్తుంది:

| x | x² | 9 నుంచి తేడా |
|---|---|---|
| 2.9 | 8.41 | 0.59 |
| 2.99 | 8.9401 | 0.0599 |
| 2.999 | 8.994001 | 0.005999 |
| 3.001 | 9.006001 | 0.006001 |
| 3.01 | 9.0601 | 0.0601 |
| 3.1 | 9.61 | 0.61 |

చాలామంది పట్టిక వాడే లెక్చరర్లు ఇక్కడే ఆపేస్తారు. "చూశారుగా, 9కి దగ్గరవుతోంది, ఇక నిర్వచనం రాసుకోండి" అంటారు. అలా చేస్తే మాత్రం ఆ ఎర్ర సిరా పెద్దాయన మాటే రైటు, టైమ్ వృథా. ఎందుకంటే ఈ పట్టిక నడిచే దిక్కు వేరు, నిర్వచనం నడిచే దిక్కు వేరు. పట్టికలో ముందు x ని మనం ఎంచుకుంటాం, తర్వాత f(x) వస్తుంది. నిర్వచనంలో ముందు f(x) వైపు ఎంత తేడా ఓర్చుకోవాలో ఎదుటివాడు చెబుతాడు, ఆ తర్వాత x ని ఎంత దగ్గరగా పెట్టాలో మనం వెతుక్కోవాలి. పిల్లలు ఎప్సిలాన్ దగ్గర తికమకపడేది గ్రీకు అక్షరాల వల్ల కాదు, ఈ దిక్కు మారడం వల్ల. అందుకని నా అసలు పాఠం ఈ పట్టికని తిరగేయడంతో మొదలవుతుంది.

దానికి నేను టీపాయ్ మీద పరిచే అద్దం కథ చెబుతాను. గ్లాసు షాపుకి వెళ్ళి 3 అడుగుల చతురస్రం కోయమన్నాం, వైశాల్యం 9 చదరపు అడుగులు రావాలి. కోసేవాడి చెయ్యి కాస్త అటూ ఇటూ పోతుంది, పలక చతురస్రంగానే ఉంటుంది గానీ భుజం సరిగ్గా 3 ఉండదు. వైశాల్యంలో 0.1 వరకు తేడా వచ్చినా ఫర్వాలేదన్నాం అనుకుందాం. అప్పుడు వాడి చెయ్యి ఎంతవరకు పోవచ్చు? పిల్లలు కాసేపు తడుముకుంటారు, 3.01 పెడితే తేడా 0.0601, ఫర్వాలేదు, 3.02 పెడితే 9.1204, దాటిపోయింది. అంటే మధ్యలో ఎక్కడో ఉంది. ఎవరో ఒకరికి వర్గమూలం తడుతుంది: 9.1 వర్గమూలం 3.01662, అంటే కుడివైపు 0.01662 వరకు పోవచ్చు. 8.9 వర్గమూలం 2.98329, అంటే ఎడమవైపు 0.01671 వరకు. రెండూ సమానంగా లేవు! ఇక్కడ నేను ఏమీ చెప్పకుండా నిలబడతాను, వాళ్ళే కొట్లాడుకుంటారు, ఏది రాయాలని. చివరికి చిన్నదే రాయాలి, ఎటు పోయినా ఇబ్బంది లేకుండా ఉండాలంటే అదే సేఫ్ అని తేలుతుంది. అడుగుల్లో 0.01662 అంటే సుమారు 5 మిల్లీమీటర్లు, అది వినగానే ముందు బెంచీలో మొహాలు మారతాయి, అంతవరకు దశాంశంగా ఉన్నది అద్దం ముక్కయిపోతుంది.

తర్వాత ఓర్చుకునే తేడాని 0.01 చేస్తాను. ఈసారి 0.0016662 వస్తుంది, అంటే అర మిల్లీమీటరు, పెన్సిల్ గీత మందం. అటు తేడాని 1 కి పెంచితే √10 − 3 = 0.1623. ఇప్పుడు బోర్డు మీద రెండో పట్టిక:

| ఓర్చుకునే తేడా | x పోగలిగే దూరం |
|---|---|
| 1 | 0.1623 |
| 0.1 | 0.01662 |
| 0.01 | 0.0016662 |

ఈ మూడు వరుసలు చూసి "ఆరో వంతు సార్" అనని క్లాసు నాకింతవరకు తగల్లేదు. సరిగ్గా ఆరో వంతు కాదు, ఆరో వంతుకి రవ్వంత తక్కువ. 1/6 అంటే 0.16667, మనకొచ్చింది 0.1623. "మరి ఎవరు ఏ తేడా ఇచ్చినా వర్గమూలం కట్టకుండా చటుక్కున చెప్పగలిగే సూత్రం కావాలి, ఆరో వంతు అంటే కొంచెం దాటిపోతున్నాం, ఏం చేద్దాం?" అంటాను. ఏడో వంతు అంటారు! 1/7 అంటే 0.1428, అది 0.1623 లోపలే ఉంది. 0.01428 కూడా 0.01662 లోపలే. ఆ ఏడు అక్కణ్ణించి వచ్చింది. ఆ రోజు నన్నడిగిన కుర్రాడికి ఇవ్వాల్సిన సమాధానం ఇది, ఇవ్వడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇందులో ఇంకా ఒక మలుపుంది, దాన్ని కూడా పిల్లలే పట్టుకుంటారు, లేకపోతే నేను ఎగదోస్తాను. "తేడా 20 వరకు ఓర్చుకుంటా అన్నాననుకోండి, ఏడో వంతు పనిచేస్తుందా?" ఏడో వంతు అంటే 2.857. దానికి లోపలే ఉన్న 2.8 తీసుకుందాం, x = 5.8, వర్గం 33.64, 9 నుంచి తేడా 24.64. ఢమాల్. అంటే ఏడో వంతు సూత్రం 3 నుంచి మరీ దూరం పోతే చెడిపోతోంది, కాబట్టి ముందుగా ఒక కంచె కట్టుకోవాలి, 3 నుంచి 1 కన్నా ఎక్కువ దూరం పోకూడదు అని. ఆ కంచె లోపల x + 3 ఎప్పుడూ 7 కన్నా తక్కువే, అందుకే x² − 9 = (x − 3)(x + 3) లో తేడా ఏడు రెట్లకి మించదు. రుజువులో ఆ "1, ε/7 రెండింట్లో చిన్నది" అన్న మాటలో ప్రతి ముక్కకీ ఇప్పుడు ఒక కారణం ఉంది, ఆ కారణం వాళ్ళ చేత్తో నొక్కిన క్యాలిక్యులేటర్‌లో కనిపించింది. ఇదంతా అయ్యేసరికి 50 నిమిషాల పీరియడ్ అయిపోతుంది. ఒప్పుకుంటాను, ఇంకే పాఠమూ జరగదు.

రెండో పీరియడ్ పట్టికని నమ్మొద్దని చెప్పడానికి. ఇది వినగానే కొందరు తోటి లెక్చరర్లు నవ్వుతారు, నిన్న నమ్మమని ఇవాళ వద్దంటావా అని. అవును, అదే క్రమం.

ఫంక్షన్ sin(π/x). సున్నా దగ్గర లిమిట్ ఏంటి? ముందు అందరినీ sin 1 నొక్కమంటాను. 0.8415 వస్తే రేడియన్ మోడ్‌లో ఉన్నట్టు, 0.01745 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. ఏ ఏడాదైనా సగం క్లాసు డిగ్రీల్లోనే ఉంటుంది, అది సరిచేయకుండా ముందుకి పోతే పాఠమంతా పాడవుతుంది. ఒకసారి ఈ చిన్న పని మర్చిపోయి, sin x / x కి ఒక వరుస 1 అనీ ఇంకో వరుస 0.01745 అనీ చెబుతుంటే పది నిమిషాలు జుట్టు పీక్కున్నాను.

ఆ తర్వాత క్లాసుని మూడు వరుసలు చేస్తాను. మొదటి వరుస 0.1, 0.01, 0.001 పెట్టాలి. రెండో వరుస 0.3, 0.03, 0.003. మూడో వరుస 0.9, 0.09, 0.009. ఒకరి జవాబు ఒకరికి వినపడకూడదు, కాగితం మీద రాసివ్వాలి. మొదటి వరుసకి 0, 0, 0 వస్తుంది, ఎందుకంటే 10π, 100π, 1000π ల సైన్లన్నీ సున్నాలే. రెండో వరుసకి −0.8660, −0.8660, −0.8660. మూడో వరుసకి −0.3420, మూడుసార్లూ అదే. ఇంత నిలకడైన పట్టికలు మామూలు ఫంక్షన్లకి కూడా రావు! ప్రతి వరుసా తమ లిమిట్ ఖాయం అనుకుంటుంది. కాగితాలు విప్పి మూడింటినీ పక్కపక్కన రాసినప్పుడు వచ్చే గోల పక్క క్లాసు మేడమ్‌కి వినపడి తలుపు దగ్గరికొచ్చి చూసిన సందర్భాలున్నాయి.

గోల తగ్గాక అడుగుతాను, ఎవరిది రైటు? నిన్నటి అద్దం ప్రశ్ననే వాడమంటాను. మొదటి వరుస లిమిట్ 0 అంటోంది కదా, తేడా సగం వరకు ఓర్చుకుంటాం, సున్నా చుట్టూ ఎంత దగ్గరికి వస్తే విలువలన్నీ −0.5 కీ 0.5 కీ మధ్య ఉంటాయో చెప్పండి. 0.005 లోపల అంటారా? అయితే x = 2/401 పెట్టండి, అది 0.00499, మీ కంచె లోపలే ఉంది, π/x అంటే 200.5π, సైన్ 1. పక్కనే x = 2/403 పెట్టండి, సైన్ −1. ఇంకా దగ్గరికి వస్తారా, 2/4001, 2/4003 ఉన్నాయి. ఎంత దగ్గరికి వచ్చినా 1 ఉంటుంది, −1 ఉంటుంది, ఈ రెండింటికీ సగం దూరంలోపు ఉండే సంఖ్య ఏదీ లేదు, కాబట్టి 0 కాదు, −0.866 కాదు, ఏదీ లిమిట్ కాదు.

మొదటి పీరియడ్‌లో నిర్వచనం ఎందుకు రాయలేదంటే ఇందుకే. పట్టిక "ఇది కావచ్చు" అనగలదు గానీ "లేదు" అనలేదు, "ఖాయం" అని అసలే అనలేదు, ఎందుకంటే పట్టికలో ఎన్ని వరుసలు రాసినా మధ్యలో వదిలేసిన x లే ఎక్కువ. "అయినప్పుడల్లా" అనే మాట నిర్వచనంలో ఎందుకుందో, ఒక్క x కి కాదు కంచె లోపలున్న ప్రతి x కీ అని ఎందుకు పట్టుబడతామో, ఈ మూడు కాగితాలు చూసినవాడికి విడిగా చెప్పక్కర్లేదు. రెండో పీరియడ్ చివరి పదిహేను నిమిషాల్లో ఎప్సిలాన్, డెల్టా బోర్డు మీదికి వస్తాయి. ఓర్చుకునే తేడాకి పెట్టుకున్న పేరు ఎప్సిలాన్, కంచెకి పేరు డెల్టా, అంతకు మించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

ఇప్పుడు మీలో కొందరి అభ్యంతరం నాకు తెలుసు, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా అన్నారు. పిల్లలు ఇంటికెళ్ళి పట్టికనే రుజువు అనుకుని ఏ ఫంక్షన్‌కైనా నాలుగు దశాంశాలు రాసి పరీక్షలో "హెన్స్ ప్రూవ్డ్" అంటారని. కొందరు అంటారు కూడా. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటి నాకు మా స్టూడెంటే చూపించింది. ఆ అమ్మాయి (1 − cos x)/x² కి పైథాన్ ల్యాబ్‌లో పట్టిక వేసింది, వీలైనంత దగ్గరికి వెళ్దామని:

```python
from math import cos
for k in range(1, 10):
    x = 10**-k
    print(x, (1 - cos(x)) / x**2)
```

మొదట అంతా బాగానే ఉంది: 0.1 దగ్గర 0.49958, 0.01 దగ్గర 0.499996, అలా సగం వైపు చక్కగా వెళ్తోంది. పది లక్షల్లో ఒకటో వంతు దగ్గర 0.50004 అయింది, కోటిలో ఒకటో వంతు దగ్గర 0.4996, పది కోట్లలో ఒకటో వంతు దగ్గర సూటిగా 0.0. "సార్, లిమిట్ సగం అన్నారు, సున్నా వచ్చింది" అని లాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. ఆ పిల్లని చూస్తే ముచ్చటేసింది, ఎందుకంటే నిర్వచనం బట్టీ పట్టినవాళ్ళకి ఈ అనుమానం వచ్చే దారే లేదు.

జరిగిందేమిటంటే, x = 10⁻⁸ అయితే cos x కి 1 కి ఉన్న తేడా 5 × 10⁻¹⁷. కంప్యూటర్ మామూలుగా దాచుకునే సంఖ్యల్లో 1 కి కిందున్న తర్వాతి సంఖ్య సుమారు 1.1 × 10⁻¹⁶ దూరంలో ఉంటుంది. ఆ మెట్టులో సగం కూడా లేని తేడా కాబట్టి cos x ని అది 1 గానే రాసుకుంది, 1 లోంచి 1 తీసేస్తే సున్నా. ఫంక్షన్ తప్పేమీ లేదు, తీసివేతలో అంకెలు ఎగిరిపోయాయి. పట్టిక చూస్తూనే దీన్ని గుర్తుపట్టొచ్చు: కుదురుకుంటున్న అంకెలు ఇంకా దగ్గరికి వెళ్తున్న కొద్దీ మళ్ళీ కదలడం మొదలుపెడితే అనుమానించాల్సింది ముందు యంత్రాన్ని. 1 − cos x ని 2 sin²(x/2) గా మార్చి రాస్తే తీసివేతే ఉండదు, అదే పట్టిక చివరిదాకా 0.5 దగ్గరే నిలబడుతుంది. ఇంటర్‌లో బట్టీ పట్టిన ఆ త్రికోణమితి సూత్రానికి అలాంటి ఉపయోగం ఉందని నాకూ ఎవరూ చెప్పలేదు. పనిలో పని, అదే ఫంక్షన్‌కి x దగ్గర సూటిగా సున్నా పెట్టమంటే క్యాలిక్యులేటర్ Math ERROR అంటుంది. నిర్వచనంలో 0 < |x − a| అని ఆ సున్నా ఎందుకు పెట్టారో దానితో తేలిపోతుంది, x² ఒక్కటే చూసినవాడికి అది ఎప్పటికీ అర్థం కాదు, ఎందుకంటే అక్కడ 3 పెట్టినా 9 వస్తుంది.

పట్టికలంటే హైస్కూల్ వ్యవహారం, యూనివర్సిటీ స్థాయికి తగదు అనే పెద్దలకి ఒక్క మాట. 499లో ఆర్యభటుడు ఇచ్చిన జ్యాపట్టికనే, అంటే సైన్ పట్టికనే తీసుకోండి. ఆయన చాపాన్ని కళల్లో కొలిచాడు, డిగ్రీకి 60 కళలు, జ్య కూడా అదే కొలతలో ఉంటుంది. చాపం 1800 అయితే జ్య 1719, చాపం 900 అయితే 890, 450 అయితే 449, 225 అయితే 225. జ్యని చాపంతో భాగించి చూడండి: 0.955, 0.989, 0.998, 1. మనం sin x / x లిమిట్ 1 అని బోర్డు మీద రాసేదంతా ఆ నాలుగు అంకెల్లో కనిపిస్తోంది. పైగా ఆ చివరి 1 కచ్చితమైనది కాదు, అసలు విలువ 0.9993, పూర్ణాంకాలకి సవరించడం వల్ల 225 అయింది. "లిమిట్ చేరిపోయింది సార్" అని పిల్లలు పడే పొరపాటుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వెతికినా దొరకలేదు. దీన్ని నేను క్లాసులో ఐదు నిమిషాలే చెబుతాను, ఎక్కువ చెబితే పాఠం దారి తప్పి ప్రాచీన వైభవం వైపు పోతుంది.

టైమ్ సంగతి. మీరిచ్చింది ఒక పీరియడ్, నేను వాడుతున్నది రెండు, రుజువులతో కలిపి మూడు. ఆ రెండు పీరియడ్లు ఎక్కణ్ణించి తెస్తున్నానంటే, ఇంటర్‌లో చేసేసిన లిమిట్ లెక్కలని మళ్ళీ క్లాసులో చేయించడం మానేశాను, అవి వాళ్ళకి నాకన్నా వేగంగా వచ్చు. నిర్వచనంతో మొదలుపెట్టిన రోజుల్లో, తర్వాత కంటిన్యుటీ దగ్గర, సిరీస్ కన్వర్జెన్స్ దగ్గర మళ్ళీ మళ్ళీ ఎప్సిలాన్ అంటే ఏంటో మొదట్నుంచి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు "అద్దం గుర్తుందా" అంటే చాలు. ఈ పద్ధతికి హద్దులు లేవనను. 70 మంది ఉన్న సెక్షన్‌లో అందరి దగ్గరా క్యాలిక్యులేటర్ ఉండదు, ఇద్దరికొకటి పెట్టుకుంటాం. x² కి వర్గమూలంతో కంచె దొరికినంత సులభంగా ప్రతి ఫంక్షన్‌కీ దొరకదు, కాబట్టి మూడో పీరియడ్‌లో రుజువు అచ్చంగా పాతపద్ధతిలోనే, సుద్దముక్కతో చేయాలి. పట్టిక ఆ రుజువుకి బదులు కాదు, ఆ రుజువులో 7 ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పేది మాత్రమే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మోడల్ లెసన్ ప్లాన్‌లో లిమిట్ నిర్వచనానికి ఒకటికి బదులు మూడు పీరియడ్లు రాయండి, అందులో మొదటి రెండింట్లో నిర్వచనం లేకపోతే తప్పు కాదని ఒక ముక్క చేర్చండి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు ఆ ముక్కే చూస్తారు కాబట్టి. మిడ్ పరీక్షలో "లిమిట్‌ని నిర్వచించండి, 2 మార్కులు" అన్న ప్రశ్న ఏళ్ళ తరబడి వస్తోంది, గైడ్ బట్టీ పట్టినవాడికి అందులో రెండుకి రెండు. దాని బదులు, x² లిమిట్ 2 దగ్గర 4 కదా, తేడా 0.1 కి మించకుండా ఉండాలంటే x ని 2 కి ఎంత దగ్గరగా పెట్టాలో క్యాలిక్యులేటర్ వాడి చెప్పి, ఎడమా కుడీ రెండు దూరాలూ రాసి, వాటిలో ఏది తీసుకోవాలో ఎందుకో ఒక వాక్యంలో రాయండి అని ఇవ్వండి. జవాబు ఎడమవైపు 0.0252, కుడివైపు 0.0248, చిన్నది తీసుకోవాలి. దిద్దడానికి అర నిమిషం కూడా పట్టదు, కానీ బట్టీతో రాయడం కుదరదు. ఇంకో రెండు మార్కులు పెంచి, మూడు వరుసల పట్టిక ఒకటి ఇచ్చి "దీన్నిబట్టి లిమిట్ ఉందని చెప్పగలమా?" అని అడిగితే మరీ సంతోషం.

ఇందులో ఏదైనా తేడాగా అనిపిస్తే కాగితాల మీద ఉత్తరాలు నడుపుకోవడం కన్నా ఒకసారి క్లాసుకే రండి. వచ్చే సెమిస్టర్ మొదటి యూనిట్, రెండో పీరియడ్‌కైతే బాగుంటుంది, మూడు కాగితాలు విప్పే రోజు అదే. వెనక బెంచీలో చోటు ఉంచుతాను, మూడో వరుసతో పాటు మీరూ 0.9 నొక్కండి. వచ్చేటప్పుడు క్యాలిక్యులేటర్ తెచ్చుకోండి, దయచేసి రేడియన్ మోడ్‌లో పెట్టుకుని రండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఫస్టియర్ పిల్లలకి లెక్కలు చెప్పే మీ తోటి లెక్చరర్